శనివారం మూడు కాగితాలు: ప్రింటర్ అప్పగింత డైరీ

శనివారం, సాయంత్రం

తమ్ముడూ, తాళాలు, కరెంటు బిల్లు, వాటర్ క్యాన్ల లెక్క, ఇవన్నీ నోటితో చెప్పేస్తే సరిపోతుంది. ప్రింటర్ సంగతి అలా తేలేది కాదు. అందుకే నేను వెళ్ళేలోపు దానికి ఏం చేస్తున్నానో చేసినప్పుడే ఇందులో రాసి పెడుతున్నాను. మన హిమాయత్‌నగర్ ఆఫీసులో ఏ పనైనా ఒక పూట ఆగితే సర్దుకోవచ్చు. జులై నెలాఖరు రిటర్నుల రద్దీలో ఈ నల్ల లేజర్ మిషను ఆగితే మాత్రం సార్ క్యాబిన్ నుంచి మెట్ల దాకా అందరూ నీ టేబుల్ చుట్టూనే నిలబడతారు. ఇప్పుడు జూన్, అంటే సరిగ్గా చూసుకోవాల్సిన సమయం.

వారం వారం చేసే పని అనగానే అందరూ తుడవడం అనుకుంటారు. తుడవడం ఉంది, చెప్తాను, కానీ అసలు పని మూడు కాగితాలు తీయడం. శనివారం భోజనాల తర్వాత, జనం పలచబడ్డాక, ప్రతిసారీ ఒకే వరసలో తీయాలి. మొదటిది కంప్యూటర్ నుంచి ప్రింట్. డెస్క్‌టాప్ మీద "శనివారం పేజీ" అని ఫైలు పెట్టాను, అందులో చిన్న అక్షరాల టేబుల్ ఒకటి, దాని కింద పేజీ అడ్డంగా లేత బూడిద రంగు పట్టీ ఉంటాయి. రెండోది, మూత ఎత్తి పెద్ద అద్దం మీద ఖాళీ తెల్ల కాగితం పెట్టి తీసిన జిరాక్స్. మూడోది, అదే ఖాళీ కాగితాన్ని పైన, కాగితాన్ని తనే లోపలికి లాక్కునే ఫీడర్‌లో పెట్టి తీసిన జిరాక్స్. మూడింటి మీదా పెన్సిల్‌తో తేదీ వేసి, కౌంటర్ రీడింగ్ రాసి నీలం ఫైల్లో పెట్టెయ్. కౌంటర్ ఎందుకంటే సర్వీసు వాళ్ళు ఎప్పుడు వచ్చినా మొదట అడిగేది అదే, పైగా ఏ వారం ఎంత వాడామో కూడా తెలుస్తుంది.

ఖాళీ కాగితం జిరాక్స్ తీయడమేంటని మొదట్లో అందరూ నవ్వారు. తెల్లగా పెట్టింది తెల్లగా రాకపోతే ఆ తేడా మొత్తం మిషనుదే కదా. బ్యాలెన్స్ షీటులో ఎక్కడో ఉన్న సన్న గీత ఎవరికీ కనపడదు, ఖాళీ పేజీలో వెంటనే కంట్లో పడుతుంది.

ఇక చదవడం. గీతగానీ మచ్చగానీ మూడు కాగితాల్లోనూ ఉంటే తప్పు ప్రింట్ చేసే భాగంలో ఉంది, అంటే టోనర్ పొడో, ఆ పొడిని కాగితం మీదికి చేర్చే డ్రమ్మో, వేడితో దాన్ని అతికించే ఫ్యూజరో. మొదటిది శుభ్రంగా ఉండి రెండు, మూడు కాగితాల్లో ఉంటే స్కానర్ వైపు చూడు. మూడో దాంట్లో మాత్రమే ఉంటే పెద్ద అద్దం పక్కనున్న సన్న అద్దం. ఈ మాత్రం తేల్చుకుని సర్వీసు వాళ్ళకు ఫోన్ చేస్తే రావాల్సిన మనిషి రావాల్సిన సామానుతోనే వస్తాడు. "ప్రింట్ బాగా రావట్లేదు" అని చెప్తే మాత్రం చూసి వెళ్ళడానికి ఒకసారి, సామాను తేవడానికి ఇంకోసారి.

ఇవాళ్టి కాగితాలు: మొదటిది బాగుంది, రెండోది బాగుంది, మూడో దాంట్లో కుడివైపు పైనుంచి కింద దాకా సన్నటి నల్ల గీత. టైమైపోయింది, సోమవారం చూస్తాను.

సోమవారం

గీత సంగతి తేలింది, కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఆఫీసులో నీకు అన్నిటికన్నా ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇదే.

మూత ఎత్తితే పెద్ద అద్దం కనిపిస్తుంది, దాన్ని అందరూ తుడుస్తారు. దానికి ఎడమ పక్కన వేలెడు వెడల్పు కూడా లేని పొడవాటి అద్దం పట్టీ ఒకటి ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. పెద్ద అద్దం మీద కాగితం కదలకుండా ఉంటే కింద లైటు కదులుతుంది, కాబట్టి అద్దం మీద చుక్క ఉంటే కాపీలో కూడా చుక్కే వస్తుంది. ఫీడర్‌లో పెట్టినప్పుడు లైటు ఆ సన్న అద్దం కింద కదలకుండా నిలబడితే కాగితం పైనుంచి జారుతూ పోతుంది. అద్దం మీద ఆవగింజంత మరక ఉన్నా కాగితం వెళ్ళినంతసేపూ అది కనపడుతూనే ఉంటుంది, అందుకే పేజీ మొత్తం గీత పడుతుంది. గీత ఎంత పొడుగుందో చూసి మిషను పాడైందని కంగారు పడొద్దు, కారణం చాలాసార్లు గుండుసూది తలంత ఉండదు.

ఇవాళ దొరికింది వైట్‌నర్. మనకు వచ్చే కాగితాలు నీకు తెలుసుగా, క్లయింట్లు తెచ్చే బిల్లుల మీద వైట్‌నర్, రంగు జిగురు చీటీలు, అప్పుడే వేసిన రబ్బరు స్టాంపు, ఆరని సంతకం, అన్నీ ఈ ఫీడర్‌లోంచే పోతాయి. సాదా గుడ్డతో తుడిస్తే పోలేదు, అసలు కనపడనే లేదు. ఫోన్ టార్చ్ వెలిగించి అద్దానికి పక్కవాటుగా పట్టుకుంటే అప్పుడు చిన్న తెల్ల పొక్కులా కనిపించింది. వేలిగోటితో మెల్లగా గీకి, పైన మైక్రోఫైబర్ గుడ్డకు రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి తుడిచాను, పోయింది. ఆల్కహాల్ గుడ్డకే వెయ్యి, అద్దం మీద కొట్టకు, అంచుల్లోంచి లోపలికి దిగితే అద్దం కింది వైపు మరక పడుతుంది, దాన్ని తీయాలంటే మిషను విప్పాల్సిందే. బ్లేడు, స్టీలు స్కేలు వాడొద్దు. గీత పడితే ఆ గీత ఇక మన ప్రతి స్కాన్‌లోనూ ఉంటుంది.

అద్దం తుడిచాక మూత వైపు, సరిగ్గా ఆ పట్టీకి ఎదురుగా ఉండే తెల్లటి భాగం కూడా తుడువు. అక్కడ అంటిన జిగురు మళ్ళీ అద్దం మీదికే వస్తుంది. ఆ తర్వాత మూడో కాగితం మళ్ళీ తీశాను, తెల్లగా వచ్చింది. రెండూ ఫైల్లో పక్కపక్కన పెట్టాను, చూడు.

ఇప్పుడు ఒక రూల్ పెట్టాను: జిగురు చీటీలు, వైట్‌నర్, తడి స్టాంపు ఉన్న కాగితం ఏదైనా పెద్ద అద్దం మీదే. సీఏ ట్రైనింగ్‌లో ఉన్న ఆర్టికల్స్ పిల్లలు రెండు రోజులు పాటిస్తారు, మూడో రోజు మర్చిపోతారు, నువ్వు గుర్తు చేస్తూ ఉండాల్సిందే.

మంగళవారం

రాత్రంతా వాన. పొద్దున వచ్చేసరికి ట్రేలో కాగితం మెత్తబడి ఉంది. మేడమ్ రెండువైపులా ప్రింట్ ఇస్తే మూడో కాగితానికే ఇరుక్కుంది, మొదటి వైపు బాగానే వచ్చి రెండో వైపుకు తిరిగే చోట ఆగింది.

హైదరాబాద్ వానాకాలంలో సగం "ప్రింటర్ రిపేర్లు" నిజానికి కాగితం రిపేర్లు. విప్పిన రీము గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఆ కాగితం ఫ్యూజర్ వేడిలోంచి పోగానే తేమ ఒక్కసారిగా ఆవిరై, కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది. రెండువైపుల ప్రింట్‌లో అదే వంకర కాగితం మళ్ళీ లోపలికి వెళ్ళాలి కాబట్టి ఇరుక్కునేది అక్కడే. ఇంకో గుర్తు కూడా ఉంది: నల్లగా రావాల్సిన చోట మచ్చలు మచ్చలుగా వెలిసినట్టు రావడం. టోనర్ పొడి కాగితానికి అంటేది కరెంటు చార్జితో, తేమ ఉన్న కాగితంలో ఆ చార్జి సరిగ్గా నిలవదు. అది చూసి టోనర్ అయిపోయిందనుకుని కొత్త కార్ట్రిడ్జ్ పెట్టేవాళ్ళను చూశాను, డబ్బులు పోవడం తప్ప ఏమీ మారదు.

తేల్చుకునే పద్ధతి తేలిక. అల్మరాలోంచి విప్పని రీము తీసి పది కాగితాలు పెట్టి అదే ఫైలు ప్రింట్ ఇవ్వు. బాగా వస్తే మిషనుకు ఏమీ కాలేదు. ఇవాళ అలాగే చేశాను, అన్నీ సాఫీగా వచ్చాయి. తడిసిన కాగితాన్ని పారేయనక్కర్లేదు, రఫ్ నోట్సుకు పక్కన పెట్టు, లేదా ఒకవైపు ప్రింట్లకు వాడు.

కాబట్టి శనివారం పనిలో ఇదొకటి కలుపుకో. ఆదివారం ఆఫీసు మూత కదా, శనివారం వెళ్ళేముందు ట్రేలో కాగితం తీసేసి దాని రేపర్‌లోనే పెట్టి, ఆ రేపర్‌ను జిప్ కవర్‌లో వేసి అల్మరాలో పెట్టెయ్. రీము రేపర్ లోపలి పూత తేమను ఆపడానికే ఉంటుంది, దాన్ని చింపి పారేయకుండా ఒక పక్కే కోయమని అటెండర్ అన్నకు చెప్పాను. రీములు నేల మీద పెట్టొద్దు, కిటికీ పక్కన అసలే వద్దు. ట్రేలో పెట్టేముందు కట్టను రెండు చేతులతో వంచి విదిలించి, టేబుల్ మీద తట్టి అంచులు సరిచేసి పెట్టు, ట్రే లోపలున్న గీత దాటి నింపొద్దు. పాత కట్ట మీద కొత్తది పెట్టడం కూడా ఆపించు, రెండూ కలిసే చోట రెండేసి కాగితాలు లాగుతుంది.

కాగితం లాగే రబ్బరు రోలరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ట్రేలో కాగితం నిండా ఉన్నా "కాగితం లేదు" అంటున్నా, లేదా లోపల ఎక్కడా కాగితం లేకుండానే "జామ్" అని చూపిస్తున్నా, చాలాసార్లు రోలరు జారుతోందని అర్థం. ట్రే బయటికి లాగి లోపల చూస్తే రబ్బరు మీద కాగితపు పొడి పట్టి నున్నగా మెరుస్తుంటుంది. స్విచ్ ఆపి, నీళ్ళతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తిప్పుతూ తుడువు, ఆరనివ్వు. దీనికి ఆల్కహాల్ వాడకు, రబ్బరు ఎండిపోయి పగుళ్ళు వస్తాయి. తుడిచినా వారంలోపే మళ్ళీ జారితే రబ్బరు అరిగిపోయినట్టు, మార్పించడమే.

గురువారం

ఇవాళ కొత్త తలనొప్పి. పేజీలో కుడి మార్జిన్ దగ్గర కామా లాంటి చిన్న నల్ల మచ్చ, ఒకే నిలువు వరసలో కింద కింద మూడు. సార్ చూసి "మిషను మార్చే టైమొచ్చిందా" అన్నారు. స్కేలు తీసుకుని కూర్చున్నాను.

పై అంచు నుంచి కొలిస్తే మొదటి మచ్చ 41 మిల్లీమీటర్ల దగ్గర, రెండోది 135, మూడోది 229. తీసివేస్తే రెండుసార్లూ 94. ఒకే దూరంలో మళ్ళీ మళ్ళీ పడే మచ్చ ఏదైనా గుండ్రంగా తిరిగే దానిదే, అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా కాగితం మీద ఒకసారి గుర్తు వేస్తుంది. 94ను 3.14తో భాగిస్తే దాదాపు 30. అంటే 30 మిల్లీమీటర్ల మందమున్న రోలరు. మన మిషను డ్రమ్ము అంతే ఉంటుంది. వేరే మిషన్లలో సన్నటి డ్రమ్ములు ఉంటాయి, 24 మిల్లీమీటర్ల దానికైతే ఈ దూరం 75 చిల్లర వస్తుంది, కాబట్టి 94 అనేది మన మిషనుకు మాత్రమే గుర్తుపెట్టుకో. మొదటి మచ్చ ఎక్కడ పడిందన్నది లెక్కలోకి రాదు, అది కాగితం కాగితానికీ మారుతుంది, మచ్చకూ మచ్చకూ మధ్య దూరమే చూడు.

ఫ్యూజర్ రోలరు కూడా ఇంచుమించు అంతే ఉండొచ్చు కదా అని అనుమానం వస్తుంది, రావాలి కూడా. దానికో పరీక్ష ఉంది. ప్రింట్ ఇచ్చి, కాగితం లోపలికి సగం వెళ్ళిందనుకున్నప్పుడు ముందు తలుపు తెరిచెయ్. మిషను ఆగిపోతుంది. కాగితాన్ని మెల్లగా బయటికి తీసి చూడు, ఫ్యూజర్ దాకా వెళ్ళని భాగంలో పొడి ఇంకా అతుక్కోకుండా ఉంటుంది, చేతికి అంటుతుంది, జాగ్రత్త. ఆ భాగంలోనే మచ్చ ఉంటే అది ఫ్యూజర్‌కన్నా ముందే పడినట్టు. ఇవాళ అలాగే ఉంది. డ్రమ్మే.

డ్రమ్ము తీసి చూశాను. మెరిసే నీలిరంగు పూత మీద, మచ్చ పడే చోటే, చిన్న గాటు. గట్టిగా అంటుకున్న టోనరో జిగురో అయితే కొన్ని ఖాళీ పేజీలు పంపితే ఒక్కోసారి పోతుంది, పూతే లేచిపోతే ఇక ఏం చేసినా పోదు. ఇది రెండో రకం. బహుశా గుండుపిన్నుతో సహా కాగితం ఎవరో ట్రేలో పెట్టి ఉంటారు, ఒకవైపు వాడిన కాగితాలు ట్రేలో పెట్టొద్దని నేను గొడవ చేసేది ఇందుకే.

డ్రమ్ము బయటికి తీసినప్పుడు రెండు విషయాలు. పూతకు వేలు తగలకూడదు, చేతి జిడ్డు మచ్చగా మిగులుతుంది. వెలుతురులో ఉంచకూడదు, ట్యూబులైటు కింద కూడా ఎక్కువసేపు వద్దు, తీసిన వెంటనే మందపాటి గుడ్డ కప్పెయ్. చూడటం అయిపోతే వెంటనే లోపల పెట్టెయ్.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో మనం ఎప్పుడూ కొనే షాపుకు ఫోన్ చేసి డ్రమ్ము చెప్పాను. మోడల్ నంబరు నోటితో చెప్పకుండా పాత డ్రమ్ము లేబుల్ ఫోటో వాట్సాప్‌లో పంపు, ఒక అక్షరం తేడా ఉన్నా వేరేది వస్తుంది. మన మిషనులో టోనర్ వేరు, డ్రమ్ము వేరు, రెండూ కలిపి కొనమంటే ఒప్పుకోకు. డ్రమ్ము వచ్చేదాకా లోపలి చెకింగ్ ప్రింట్లు మాత్రమే దీంట్లో, సంతకం పెట్టాల్సినవి కింద జిరాక్స్ షాపులో.

శుక్రవారం

డ్రమ్ము వచ్చింది, వేశాను, మచ్చ పోయింది. మార్చాక మెనూలో డ్రమ్ము కౌంటర్ సున్నా చెయ్యాలి, లేకపోతే కొత్తది వేసినా మార్చమని అడుగుతూనే ఉంటుంది. టోనర్ మార్చినప్పుడు ఆ పని చెయ్యకు, అది డ్రమ్ముకు మాత్రమే.

మార్చేటప్పుడు టోనర్ పొడి కాస్త ఒలికింది. అన్న చీపురు తీసుకుని వచ్చేశాడు, ఆపాను. చీపురు, నోటితో ఊదడం, బ్లోయర్, ఇంట్లో వాడే వ్యాక్యూమ్, ఏదీ వద్దు. ఆ పొడి మరీ సన్నది, గాల్లోకి లేచిందంటే ఊపిరితిత్తుల్లోకీ మిషనులోకీ పోతుంది. పొడి గుడ్డతో ఒత్తి తీసి, మిగిలింది చల్లటి నీళ్ళతో తడిపిన గుడ్డతో. చేతికైనా చొక్కాకైనా చల్లటి నీళ్ళే. అది కరిగి అతుక్కునే పొడి, వేడినీళ్ళు తగిలితే మరక శాశ్వతంగా ఉండిపోతుంది.

వెనక తలుపు లోపల ఫ్యూజర్ దగ్గర కాగితం ఇరుక్కుంటే తొందరపడి చెయ్యి పెట్టకు, స్విచ్ ఆపి అరగంట ఆగు. కాగితాన్ని అది వెళ్తున్న వైపుకే, రెండు చేతులతో సమానంగా లాగు. చినిగిన ముక్క లోపల ఉండిపోతే మాత్రం నువ్వు పొడవకు, సర్వీసు వాళ్ళకు వదిలెయ్.

ఈ గొడవలో ఇంకోటి జరిగింది. మధ్యలో ఆపిన ప్రింట్ ఒకటి ఫ్రంట్ డెస్క్ కంప్యూటర్‌లో ఇరుక్కుని, క్యాన్సిల్ కొట్టినా పోలేదు, వెనకున్నవన్నీ ఆగిపోయాయి. అలాంటప్పుడు ఆ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇవి వరసగా కొట్టు:

```
net stop spooler
del /Q /F "%systemroot%\System32\spool\PRINTERS\*.*"
net start spooler
```

దీంతో ఆ కంప్యూటర్‌లో క్యూలో ఉన్న అందరి ప్రింట్లూ పోతాయి, ముందే కేకేసి చెప్పు.

శనివారం, మళ్ళీ

మూడు కాగితాలూ నువ్వే తీశావు, నేను పక్కన కూర్చున్నాను. మూడూ శుభ్రం. బూడిద పట్టీలో నిలువుగా తెల్లటి సన్న చార ఉందా అని అడిగావు, మంచి ప్రశ్న. ఇవాళ లేదు. నల్ల గీత అంటే ఏదో అదనంగా అంటుతోందని, తెల్ల చార అంటే అక్కడికి పొడి చేరట్లేదని. టోనర్ తగ్గుతున్నప్పుడు ముందుగా తెలిసేది ఆ పట్టీలోనే. అప్పుడు కార్ట్రిడ్జ్ తీసి, రెండు చివర్లా పట్టుకుని అటూ ఇటూ నాలుగైదుసార్లు మెల్లగా ఊపి పెడితే ఇంకొన్ని రోజులు వస్తుంది. అది పాత టోనర్‌కు ఆఖరి వాయిదా మాత్రమే, ఆ రోజే కొత్తది ఆర్డర్ పెట్టు. ఊపినా చార కదలకుండా అక్కడే ఉంటే లేజర్ అద్దం మీద దుమ్ము ఉండొచ్చు, అది సర్వీసు వాళ్ళ పని.

మూలనున్న ఇంక్ ట్యాంక్ కలర్ ప్రింటర్‌కు నీ నుంచి కావాల్సింది ఒక్కటే, వారానికో పేజీ. వాడకుండా వదిలేస్తే ఇంకు నాజిల్స్‌లో ఎండిపోతుంది, అందుకే శనివారం నాజిల్ చెక్ ప్రింట్ తియ్యి. గీతలు తెగి ఉంటే హెడ్ క్లీనింగ్ ఒకసారి, మళ్ళీ చెక్. రెండు మూడుసార్లకు రాకపోతే అక్కడితో ఆపి మరుసటి రోజు చూడు, వరసగా కొడుతూ పోతే ట్యాంకులో ఇంకు ఖాళీ అయ్యి లోపల ఆ వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ప్యాడ్ నిండుతుంది. ఇంకు కింది గీత దాకా రాకముందే పొయ్యి. దాన్ని ప్రింటర్ మీది బటన్‌తోనే ఆపు, గోడ స్విచ్‌తో ఆపితే హెడ్ మూత పడకుండానే ఆగిపోవచ్చు.

లేజర్ మిషను ప్లగ్గు గోడకే ఉండాలి. కరెంటు పోతోందని ఎవరైనా యూపీఎస్‌కు మార్చమంటే వద్దను, ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అయ్యి దాని మీదున్న కంప్యూటర్లన్నీ ఆరిపోతాయి.

పాత డ్రమ్ము అల్మరా కింది అరలో నల్ల కవర్లో ఉంది, మంగళవారం సర్వీసు ఆయన వచ్చినప్పుడు తీసుకెళ్ళమని చెప్పు, సంతకం తీసుకో. నీలం ఫైలు టేబుల్ రెండో సొరుగులో, ఐసోప్రొపైల్ సీసా దాని పక్కనే, మూత గట్టిగా బిగించి ఉంచు. గుడ్డలు రెండు, ఆకుపచ్చది అద్దానికి, పసుపుది రోలరుకు, కలపొద్దు. ట్రేలో కాగితం ఇంకా తీయలేదు, వెళ్ళేముందు అది నువ్వే తియ్యి.